సప్లయర్ పన్ను కట్టకపోతే నా ఐటీసీ వెనక్కి కట్టాలా? 2బీతో లెక్క కుదరకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: నాకు నరసరావుపేటలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. 2025 ఫిబ్రవరిలో ఒక సప్లయర్ దగ్గర లక్షన్నర సరుకు కొన్నాను, 27,000 జీఎస్టీతో కలిపి బ్యాంకు ద్వారానే కట్టాను. బిల్లు ఉంది, సప్లయర్లు ఎక్కించిన బిల్లులు పోర్టల్‌లో నా పేరున కనపడే 2బీలో కూడా వచ్చింది, కొన్నప్పుడు కట్టిన పన్నును నేను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే ఐటీసీ తీసుకున్నాను. ఇప్పుడు ఆయన గవర్నమెంటుకు పన్ను కట్టలేదు, మీరు 27,000 వెనక్కి కట్టండి అని నోటీసు వచ్చింది. ఒకసారి కట్టిన పన్ను నేను మళ్ళీ ఎందుకు కట్టాలి? ఇది కాక ప్రతి నెలా నా పర్చేజ్ లెక్కకీ 2బీకీ పొంతన కుదరడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పగలరు.

జవాబు:

మొదటి దానికి సూటిగా చెప్తాను. ఆ సప్లయర్ ఈ రోజుకీ ఫిబ్రవరి నెల 3బీ, అంటే పన్ను కట్టే రిటర్న్, వేయకపోయి ఉంటే, ఆ 27,000 మీరు వెనక్కి కట్టాల్సిందే. ఆయన ఎప్పుడైనా 3బీ వేస్తే అదే 27,000 మళ్ళీ తీసుకునే హక్కు మీకు ఉంటుంది. రెండో దానికి: మొత్తాన్ని మొత్తంతో పోల్చడం మానేసి బిల్లు పక్కన బిల్లు పెట్టి చూడండి. తేడా ఎక్కడ ఉందో అక్కడే తెలిసిపోతుంది.

"డబ్బు ఇచ్చాను, బిల్లు ఉంది, సరుకు వచ్చింది, ఇంకేం కావాలి?" అని మన వ్యాపారులందరూ అడిగేదే మీరూ అడిగారు. చట్టం ఇంకో రెండు అడుగుతుంది. సీజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ బిల్లును సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో చూపించి ఉండాలి, అంటే అది మీ 2బీలో కనపడాలి. ఈ షరతు 2022 జనవరి 1 నుంచి ఉంది. దాని పైన, ఆ పన్ను నిజంగా ప్రభుత్వానికి చేరి ఉండాలి. మీ విషయంలో మొదటిది జరిగింది, రెండోది జరగలేదు. జీఎస్టీఆర్-1 అంటే ఫలానా బిల్లులు ఇచ్చానని చెప్పడం. పన్ను కట్టేది 3బీతో. మొదటిది వేసి రెండోది ఎగ్గొట్టినా మీ 2బీలో బిల్లు మామూలుగానే కనపడుతుంది. అందుకే 2బీలో వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇలాంటి వాటి కోసమే 2022 డిసెంబరులో 37ఏ అనే రూలు తెచ్చారు. మీ తేదీలు పెట్టి చూద్దాం. బిల్లు 2025 ఫిబ్రవరిది, అంటే 2024-25 ఆర్థిక సంవత్సరం. సప్లయర్‌కు ఆ నెల 3బీ వేయడానికి 2025 సెప్టెంబరు 30 దాకా చూస్తారు. అప్పటికీ వేయకపోతే కొన్నవాళ్ళు 2025 నవంబరు 30 లోపల వేసే ఏదో ఒక 3బీలో ఆ ఐటీసీని రివర్స్ చేయాలి. మామూలుగా అయితే నవంబరులో వేసే అక్టోబరు నెల రిటర్న్‌లో చేస్తాం. ఆ గడువులోపల చేసి ఉంటే వడ్డీ లేదు. గడువు దాటాక 27,000తో పాటు 50వ సెక్షన్ కింద వడ్డీ కూడా కట్టాలి. రేటు ఏడాదికి 18 శాతం.

వడ్డీ దగ్గర ఒక్క విషయం గమనించండి. ఐటీసీ తీసుకోవడం వేరు, వాడుకోవడం వేరు. మీ క్రెడిట్ లెడ్జర్‌లో నిల్వ ఎప్పుడూ 27,000 కంటే కిందికి దిగకుండా ఉండి ఉంటే, మీరు దాన్ని వాడుకోనట్టే లెక్క, వడ్డీ పడదు. కాబట్టి జవాబు రాసే ముందు ఆ లెడ్జర్ డౌన్‌లోడ్ చేసి, ఐటీసీ తీసుకున్న రోజు నుంచి ఈ రోజు వరకు నిల్వ ఎంతెంత ఉందో చూడండి. నోటీసులో వడ్డీ వేసి ఉంటే ఈ లెక్క చూపించి కాదనవచ్చు.

ఇప్పుడు మీరు వరుసగా చేయాల్సినవి.

ముందు ఆ సప్లయర్ సంగతి మీరే చూడండి, నోటీసులో ఉన్న మాటను పట్టుకోకండి. పోర్టల్‌లో లాగిన్ అవసరం లేకుండానే `Search Taxpayer` లో ఆయన జీఎస్టీ నంబరు కొట్టి `Show Filing Table` నొక్కితే ఏ నెల 3బీ వేశాడో, ఏ తేదీన వేశాడో వస్తుంది. నోటీసు తయారైన తర్వాత సప్లయర్ ఆలస్యంగా 3బీ వేసుకున్న సందర్భాలు నా ఫైళ్ళలోనే ఉన్నాయి. అలా అయితే ఆ పేజీ ప్రింట్ తీసి జవాబుతో పెట్టండి. ఇక కట్టాల్సిన అసలేమీ మిగలదు.

వేయలేదని తేలితే ఆయనకు ఫోను చేసి ఊరుకోకండి, ఈమెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ పంపండి. ఆయనకు మీరు ఇంకా ఇవ్వాల్సిన బాకీ ఉంటే అందులోంచి 27,000 ఆపుకుంటున్నానని అందులోనే రాయండి.

ఆ తర్వాత నోటీసు ఏ ఫారంలో వచ్చిందో చూడండి. `ASMT-10` అయితే రిటర్న్‌లో తేడా ఉంది, వివరణ ఇవ్వమని అడగడం. `DRC-01` అయితే అసలైన షోకాజ్ నోటీసు. 2024-25 నుంచి ఈ కేసులు 74ఏ సెక్షన్ కిందికి వస్తాయి. మోసం ఆరోపణ లేని కేసులో షోకాజ్ నోటీసు రాకముందే గానీ, వచ్చిన 60 రోజుల్లో గానీ పన్నూ వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. ఈ 60 రోజులూ జవాబు తయారు చేయడంలోనే గడిచిపోకుండా చూసుకోండి.

కోర్టుకు వెళ్ళకూడదా అని అడుగుతారు. వెళ్ళవచ్చు. సన్‌క్రాఫ్ట్ ఎనర్జీ కేసులో కలకత్తా హైకోర్టు 2023లో, ముందు సప్లయర్ మీద చర్య తీసుకోకుండా కొన్నవాడి మీద పడకూడదని చెప్పింది. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. అయితే ఆ కేసు 2018-19 బిల్లులది, 37ఏ రూలు రాకముందుది. మీది ఆ రూలు వచ్చాక కొన్న సరుకు కాబట్టి ఆ తీర్పు మీకు అంత గట్టిగా పనికిరాదు. రికార్డు కోసం జవాబులో రాయండి గానీ, దాని మీదే ఆధారపడకండి. నా సలహా అడిగితే 27,000కు లాయరు ఫీజు పెట్టుకుని హైకోర్టు మెట్లెక్కడం దండగ. రివర్స్ చేసి, సప్లయర్ దగ్గర వసూలు చేసుకోండి. అదే లక్షల్లో ఉండి, సరుకు నిజంగా వచ్చినట్టు కాగితాలన్నీ ఉంటే నేనే పోరాడమంటాను.

కాగితాలంటే ఏవో కూడా చెప్తాను. బిల్లు, బ్యాంకు చెల్లింపు చాలవు. ఈ-వే బిల్లు, లారీ రసీదు, బండి నంబరు, కిరాయి కట్టిన ఆధారం, సరుకు ముట్టినట్టు మీ స్టాకు రిజిస్టర్‌లో ఎంట్రీ ఉండాలి. కర్ణాటక వ్యాట్ కింద వచ్చిన ఈకామ్ గిల్ కాఫీ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఇలాంటివే అడిగింది. క్రెడిట్ కావాలన్నవాడే సరుకు వచ్చిందని నిరూపించుకోవాలంది. సప్లయర్ రిజిస్ట్రేషన్ పాత తేదీ నుంచి రద్దయిన కేసుల్లో ఈ కాగితాలే మనల్ని కాపాడేది.

ఇంకోసారి ఇలా జరగకుండా ముందే పసిగట్టే దారి ఒకటుంది. ఒక నెల 3బీ వేయనివాడికి తర్వాతి నెల జీఎస్టీఆర్-1 వేయడానికి పోర్టల్ ఒప్పుకోదు. అంటే నెలనెలా క్రమంగా వచ్చే సప్లయర్ బిల్లులు ఒక నెల మీ 2బీలో హఠాత్తుగా ఆగిపోయాయంటే, అంతకు ముందు నెల పన్ను ఆయన కట్టి ఉండకపోవచ్చు. వెంటనే పైన చెప్పిన పేజీలో చూడండి. 2బీలో కాకుండా పోర్టల్‌లోనే ఉండే 2ఏ అనే జాబితాలో చూస్తే సప్లయర్ 3బీ వేశాడా లేదా అన్నది బిల్లు పక్కనే ఉంటుంది.

సరే, ఇక నెలనెలా కుదరని లెక్క సంగతి. నేను లెక్కలు చూసే ఒక ఎలక్ట్రికల్ షాపు 2025 అక్టోబరు నెల చెప్తాను. అంకెలు గుండ్రంగా చేశాను, వ్యవహారం మాత్రం అదే. అంతా 18 శాతం సరుకు, అన్నీ ఆంధ్రా బిల్లులే, కాబట్టి ప్రతి మొత్తంలో సగం సెంట్రల్, సగం స్టేట్ అనుకోండి.

ట్యాలీలో పర్చేజ్ మీద పన్ను 1,42,200. నవంబరు 14న తయారైన 2బీలో 1,15,200. షాపు ఓనరు తీసివేత చేసి 27,000 తక్కువ వచ్చిందన్నాడు. బిల్లు బిల్లు పోలిస్తే అది నిజం కాదు. రెండు వైపులా ఉండి సరిపోయినవి 1,08,000. మన పుస్తకాల్లో ఉండి 2బీలో రానివి 34,200. 2బీలో ఉండి మన పుస్తకాల్లో లేనిది 7,200. ఈ రెండు తేడాలూ ఒకదాన్నొకటి కప్పేసుకుని 27,000గా కనపడ్డాయి. మీ షాపులోనూ ఇలాగే అవుతోందని నా అనుమానం.

ఆ 34,200లో మూడు బిల్లులు ఉన్నాయి. మూడూ 2బీలో లేవు. కానీ మూడింటికీ మూడు కారణాలు, మందు కూడా వేరువేరు.

మొదటిది 60,000 బిల్లు, పన్ను 10,800. ఇచ్చింది చిన్న సప్లయర్, మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉన్నాడు. అలాంటివాళ్ళు మొదటి రెండు నెలల బిల్లులను ఐఎఫ్ఎఫ్ అనే సౌకర్యంలో 13వ తేదీలోపల ఎక్కించవచ్చు, కానీ ఎక్కించి తీరాలని లేదు. ఈయన ఎక్కించలేదు. కాబట్టి అక్టోబరు బిల్లు డిసెంబరు నెల 2బీలో, అంటే జనవరి 14న కనపడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, టెన్షన్ పడాల్సిందీ లేదు. అప్పటిదాకా ఐటీసీ మాత్రం తీసుకోకూడదు. పెద్ద బిల్లులిచ్చే సప్లయర్ అయితే ఐఎఫ్ఎఫ్‌లో ఎక్కించమని అడగండి. లేకపోతే మీ పెట్టుబడి మూడు నెలలు ఇరుక్కుపోతుంది.

రెండోది 50,000 బిల్లు, పన్ను 9,000. సప్లయర్ ఎక్కించాడు, 3బీ వేశాడు, పన్ను కట్టాడు. కానీ జీఎస్టీ నంబరు వేరే షాపుది పడింది. పేరు ఒకలాగే ఉన్న రెండు షాపులుంటే ఇది తరచూ జరుగుతుంది. దీన్ని సప్లయర్ తర్వాతి నెల జీఎస్టీఆర్-1లో సవరణలు చూపించే `9A` పట్టికలో సరిచేయాలి. అదే నెలకు సవరణగా వేసే జీఎస్టీఆర్-1ఏలో కొన్నవారి నంబరు మార్చడానికి కుదరదు, కాబట్టి "1ఏలో మార్చేస్తాలే" అంటే నమ్మకండి. మీ నంబరు అసలే పడకుండా బీ2సీలో, అంటే రిజిస్ట్రేషన్ లేని కస్టమరుకు అమ్మినట్టు ఎక్కించినా ఇదే ఫలితం. పన్ను ప్రభుత్వానికి చేరినా మీకు క్రెడిట్ రాదు.

మూడోది 80,000 బిల్లు, పన్ను 14,400. అక్టోబరు 31 తేదీది, అదే రోజు సరుకు దిగింది. సప్లయర్ దగ్గరి గుమాస్తా దాన్ని నవంబరు బిల్లుల్లో కలిపాడు. నవంబరు 2బీలో వచ్చేసింది.

ఈ మూడింటినీ ట్యాలీలో ఐటీసీ లెడ్జర్‌లోంచి తీసి "రావాల్సిన ఐటీసీ" అని వేరే లెడ్జర్‌లో పెట్టిస్తాను. ఏ నెల 2బీలో కనపడితే ఆ నెల అక్కడి నుంచి ఇటు మారుస్తాం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 గానీ, వార్షిక రిటర్న్ వేసిన రోజు గానీ, ఏది ముందైతే అంతవరకే తీసుకునే వీలుంది. ఈ గడువు చెల్లదని తిరుమలకొండ ప్లైవుడ్స్ కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళారు. 2023లో కోర్టు గడువును సమర్థించింది. కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఆ లెడ్జర్‌లో మిగిలిన ప్రతి బిల్లుకూ సప్లయర్‌ను వెంటపడి అడగాల్సిందే. అక్టోబరు దాటాక అడిగితే ఆయన సరిచేసేసరికి సమయం మించిపోతుంది.

ఇక రెండో వైపు ఉన్న 7,200. ఇది 40,000 సరుకు. సప్లయర్ అక్టోబరు 30న బిల్లు వేసి లారీకి ఎక్కించాడు, మన షాపులో దిగింది నవంబరు 3న. 2బీలో అక్టోబరులోనే వచ్చేసింది. సరుకు చేతికి రానిదే ఐటీసీ లేదు కాబట్టి అక్టోబరులో తీసుకోకూడదు. 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో ఉన్న ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టంలో ఈ బిల్లు మీద `Pending` నొక్కితే అది ఆ నెల 2బీలోకి రాదు. మనవాళ్ళు ఆ పని చేయలేదు. ఏమీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని 3బీలో `4(A)(5)` దగ్గర వచ్చిన 1,15,200 అలాగే ఉంచి, `4(B)(2)` లో 7,200 రివర్స్ చూపించాం. అక్టోబరుకు నికరంగా 1,08,000 మిగిలింది. నవంబరు 3బీలో ఆ 7,200ను `4(A)(5)` లో కలిపి తీసుకుని, తిరిగి తీసుకున్నవి చూపే `4(D)(1)` లో కూడా చూపించాం.

ఇక్కడే చాలామంది గుమాస్తాలు పొరపాటు పడతారు. తర్వాత తిరిగి తీసుకోబోయేది `4(B)(2)` లో, ఎప్పటికీ రానిది `4(B)(1)` లో వేయాలి. మీ 27,000 కూడా 3బీ ద్వారా రివర్స్ చేస్తే `4(B)(2)` లోనే వేయండి. అప్పుడే పోర్టల్‌లోని రివర్సల్, రీక్లెయిమ్ లెక్కలో అది మీ పేరున నిల్వగా ఉంటుంది, సప్లయర్ దారికి వచ్చినప్పుడు తీసుకోవచ్చు.

ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టంలోనే `Reject` బటన్ కూడా ఉంటుంది. బిల్లు మీది కాకపోతేనే దాన్ని నొక్కండి. సరుకు తక్కువ వచ్చిందనో, ధర మీద గొడవనో నొక్కితే మొత్తం క్రెడిట్ 2బీలోంచి పోతుంది. పొరపాటున నొక్కితే 3బీ వేసేలోపల మార్చుకుని 2బీని మళ్ళీ లెక్క కట్టించుకోవచ్చు.

పోల్చేటప్పుడు ఒక చిన్న చిట్కా. బిల్లు నంబరుతో మొదలుపెట్టకండి. సప్లయర్ `GE/25-26/0417` అని ఎక్కిస్తే మన గుమాస్తా 417 అని కొడతాడు, ఎక్సెల్ రెండూ వేరనుకుంటుంది. ముందు జీఎస్టీ నంబరు, పన్ను మొత్తం కలిపి పోల్చండి, రూపాయి తేడాను వదిలేయండి. మిగిలిన కొన్నింటికే నంబరూ తేదీ చూడండి. ఈ పని 2బీ వచ్చే 14కూ, 3బీ గడువైన 20కీ మధ్య చేయాలి. 20న సాయంత్రం కూర్చుంటే 2బీలో ఎంత ఉంటే అంత ఒప్పేసుకోవడమే జరుగుతుంది. 2బీని మించి తీసుకుంటే ఇంకో చిక్కు. తేడా ఎక్కువగా ఉంటే `DRC-01C` వస్తుంది, 7 రోజుల్లో కట్టడమో కారణం చెప్పడమో చేయకపోతే తర్వాతి జీఎస్టీఆర్-1 ఆగిపోతుంది. అప్పుడు మీ కస్టమర్ల 2బీలో మీ బిల్లులు రావు, వాళ్ళు మీకు ఫోన్లు చేయడం మొదలుపెడతారు.

మీ వ్యాపారంలో తరచూ తగిలే ఇంకో రివర్సల్ 180 రోజులది. ఎలక్ట్రికల్ లైన్‌లో అరువు మామూలే కదా. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు ఇవ్వకపోతే, ఇవ్వని భాగానికి పడే ఐటీసీని వడ్డీతో వెనక్కి కట్టాలి. 1,18,000 బిల్లులో 59,000 ఇచ్చి మిగతాది ఆపితే, 18,000 పన్నులో 9,000 రివర్స్. తర్వాత ఎప్పుడు డబ్బు ఇచ్చినా ఆ 9,000 తిరిగి తీసుకోవచ్చు, దానికి నవంబరు 30 గడువు అడ్డురాదు. పన్ను ఎగ్గొట్టే అనుమానం ఉన్న సప్లయర్‌కు పన్ను భాగం ఆపి, 3బీ వేశాక ఇచ్చే పద్ధతి మంచిదే, నేను కూడా చెప్తుంటాను. కానీ ఆపినది ఈ 180 రోజులు దాటకుండా చూసుకోండి.

చివరగా 2బీకి తెలియని సంగతి ఒకటి. అందులో `ITC Available` కింద ఉన్నవన్నీ మీకు దక్కేవి కావు. షాపు పేరున కొన్న కారు, స్టాఫ్‌కు తెప్పించిన భోజనాలు, దీపావళికి కస్టమర్లకు పంచిన బహుమతులు, అగ్గిలో కాలిపోయిన సరుకు, వీటి మీద పన్ను 17(5) సెక్షన్ కింద దక్కదు. ఆ బిల్లు మీరు దేనికి వాడారో 2బీకి ఎలా తెలుస్తుంది, అందుకని మామూలుగానే చూపిస్తుంది. వాటిని మీరే `4(B)(1)` లో తీసేయాలి. సరుకు మోసే ఆటో, మినీ లారీ కొంటే మాత్రం క్రెడిట్ వస్తుంది. చెన్నైలో హోటల్ గదికి కట్టిన పన్ను తమిళనాడుది కాబట్టి మీ ఆంధ్రా రిజిస్ట్రేషన్‌లో రాదు. ఇది మటుకు 2బీయే దక్కదని వేరుగా చూపిస్తుంది.

మీ నోటీసు ఫారం పేరు, తేదీ, ఆ సప్లయర్ ఫిబ్రవరి 3బీ వేశాడా లేదా అన్నది ఇక్కడ రాయండి. జీఎస్టీ నంబర్లు మాత్రం పెట్టకండి. జవాబు ఎలా రాయాలో దాన్ని బట్టి చెప్తాను.